సంధి ప్రకరణాన్ని రెండుగా విడదీయండి: తెలుగు వ్యాకరణ పాఠ్యపుస్తకాలు రాసే పెద్దలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన పాఠ్యపుస్తక రచయితలకు, సంపాదకులకు నమస్కారం.

మీ పుస్తకాల్లో సంధి ప్రకరణం చాలాకాలంగా ఒకే తీరులో ఉంటోంది. ఉత్వసంధి, ఇత్వసంధి, అత్వసంధి, యడాగమం, ఆ తర్వాత సరళాదేశం, గసడదవాదేశం అన్నీ ఒకే వరుసలో వస్తాయి. ప్రతిదానికీ ఒక సూత్రం, నాలుగు ఉదాహరణలు, చివర ‘విడదీసి సంధి పేరు రాయండి’ అనే అభ్యాసం. ఇవన్నీ ఒకే జాతి మార్పులని పిల్లలు అనుకుంటారు. డిగ్రీ దాటినా ఆ అభిప్రాయం మారదు. నిజానికి ఈ వరుసలో రెండు వేరు వేరు సంగతులు కలిసిపోయాయి. ఒకటి నోటి పని. రెండు మాటలను ఆపకుండా పలికినప్పుడు ధ్వనులు సర్దుకోవడమే అది. రెండోది పదాల తరగతికి, వాటి వ్యాకరణ సంబంధానికి కట్టుబడిన మార్పు. భాషాశాస్త్రంలో దీన్ని బాహ్యసంధి గురించిన ప్రశ్నగా అడుగుతారు: మాటల సరిహద్దులో జరిగే మార్పు వర్ణశాస్త్రానికి చెందుతుందా, పదనిర్మాణానికి చెందుతుందా? ఆ ప్రశ్నకు తెలుగు చాలా స్పష్టమైన జవాబు ఇస్తుంది. మన పుస్తకాల్లో మాత్రం అసలు ప్రశ్నే కనిపించదు.

ఒక్క మాట తీసుకుని చూద్దాం. కావ్యభాషలో ‘పోయె’ అనే క్రియ ముందు మూడు వేరు వేరు మాటలు పెట్టి చూస్తే ఇలా ఉంటుంది. తల్లి + పోయె అన్నప్పుడు ‘తల్లివోయె’ అవుతుంది. చేసి + పోయె అన్నప్పుడు ‘చేసిపోయె’గానే నిలుస్తుంది. చూడన్ + పోయె అన్నప్పుడు ‘చూడఁబోయె’ అవుతుంది. ఒకే పకారం ఒకచోట వకారమైంది, ఒకచోట మారలేదు, ఒకచోట బకారమైంది.

ముందుగా మూడోదాన్ని చూడండి. చిన్నయసూరి 1858లో అచ్చయిన బాలవ్యాకరణంలో దీనికి ఇచ్చిన వివరణ ఇప్పటికీ మెచ్చుకోదగ్గది. కొన్ని మాటల చివర నకారం ఉంటుంది. దాని పేరు ద్రుతం. అది చివరనున్న మాటలు ద్రుతప్రకృతికాలు, అది లేనివి కళలు. ద్రుతప్రకృతికం మీద వచ్చే పరుషాలకు, అంటే క, చ, ట, త, ప లకు, సరళాలు వస్తాయి. ఆ ద్రుతం ఊహించి పెట్టింది కాదు. అచ్చు ఎదురైతే బయటికి వస్తుంది. చూడన్ + ఎంచె అంటే ‘చూడనెంచె’. పరుషం ఎదురైతే అరసున్నగానో, నిండుసున్నగానో, నకారపు పొల్లుగానో కనిపిస్తుంది. పూచెను + కలువలు అన్నప్పుడు పూచెఁగలువలు, పూచెంగలువలు, పూచెన్గలువలు అని మూడు రూపాలు చూపడం అందుకే. ముక్కుతో పలికే ధ్వని తర్వాత పరుషం నాదం పొంది సరళం కావడం నోటికి సహజం. ప్రపంచంలో ఎన్నో భాషల్లో ఇది జరుగుతుంది. కాబట్టి ఆ కాలపు కావ్యభాష వరకు సరళాదేశాన్ని ధ్వనిమార్పుగా చెప్పవచ్చు. మాట చివర నకారం ఉందని ఒప్పుకుంటే చాలు, మిగిలిన పని ఉచ్చారణే చేస్తుంది.

మొదటి రెండు ఉదాహరణలకు వచ్చేసరికి ఈ దారి మూసుకుపోతుంది. ‘తల్లి’, ‘చేసి’ రెండూ ఇకారంతోనే ముగుస్తున్నాయి. రెండూ కళలే, ద్రుతం లేదు. వాటి తర్వాత వచ్చిన మాటా ఒక్కటే. చెవికి తేడా ఏమీ అందదు. అయినా ఒకచోట ప వ అయింది, రెండోచోట కాలేదు. తేడా ఎక్కడుందో సూత్రమే చెబుతోంది: ‘ప్రథమమీది పరుషములకు గసడదవలు బహుళంబుగానగు’. ‘తల్లి’ ప్రథమావిభక్తిలో ఉన్న పదం. ‘చేసి’ క్త్వార్థక క్రియ. ఇక్కడ మార్పుకు షరతు ఒక ధ్వని కాదు, ఒక విభక్తి. విభక్తి నోటికి తెలిసే విషయం కాదు, వ్యాకరణానికే తెలుస్తుంది. ఒక మార్పును రాబట్టేదే వ్యాకరణ వర్గమైతే దాన్ని ధ్వనిమార్పు అని పిలవడం కష్టం.

గసడదవాదేశం పుట్టుకలో ధ్వని లేదని నేను అనడం లేదు. సరళాదేశంలో చ జ అవుతుంది, ప బ అవుతుంది. గసడదవల్లో చ స అవుతుంది, ప వ అవుతుంది. ఈ తేడాలోనే పాత కథ కనిపిస్తుంది. ముందు నాసిక్యం ఉంటే పెదవులు పూర్తిగా మూసుకుంటాయి, అందుకే బ. రెండు అచ్చుల మధ్య పడితే మూత వదులవుతుంది, అందుకే వ. చ విషయంలోనూ అంతే: మూత నిలిస్తే జ, వదులైతే స. అంటే రెండూ ఒకనాడు నోటి పనులే. కానీ ఏదో ఒక దశలో గసడదవాదేశం ‘రెండు అచ్చుల మధ్య’ అనే షరతును వదిలేసి, ‘ప్రథమ మీద’, ‘ద్వంద్వ సమాసంలో’ అనే షరతులకు మారింది. పుట్టుక ధ్వనిలో ఉన్నంత మాత్రాన నేటి బతుకూ అక్కడే ఉండనక్కరలేదు. పుస్తకాల్లో ఈ రెండింటినీ కలిపేయడం వల్లే, గసడదవాదేశం ఎక్కడ వస్తుందో ఎక్కడ రాదో పిల్లలకు అంతుపట్టడం లేదు.

ఇదే సంగతి వేల మైళ్ల దూరంలోని వెల్ష్ భాషలో ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అందులో కుక్కను ‘కీ’ అంటారు. ‘అతని కుక్క’ అన్నప్పుడు ఆ కకారం గకారమవుతుంది. ‘ఆమె కుక్క’ అన్నప్పుడు గొంతు దగ్గర రాపిడితో పలికే ఖకారం లాంటి ధ్వని అవుతుంది. ‘అతని’, ‘ఆమె’ అనే అర్థాలకు ముందు వచ్చే మాట మాత్రం ఒక్కటే, రాతలోనూ పలుకులోనూ. ఒకప్పుడు ఆ రెండు మాటల చివర్లు వేరుగా ఉండేవి. చివర్లు రాలిపోయాయి, అవి చేసిన పని మాత్రం పక్కమాట మొదట్లో నిలిచిపోయింది. ఇప్పుడు ఆ మార్పు లింగాన్ని తెలిపే గుర్తు. దాన్ని ఉచ్చారణ సౌకర్యం అని వెల్ష్ వ్యాకరణం చెప్పే వాళ్లెవరూ సరిపెట్టుకోలేరు.

మన ద్రుతానికీ సరిగ్గా అదే గతి పట్టింది. ‘చేయఁగలడు’ నుంచి ‘చేయగలడు’కు వచ్చాం. అరసున్న పోయింది, నకారం ఎవరి నోటా లేదు. ‘చేయ’ తర్వాత వచ్చే గకారం మాత్రం అలాగే ఉంది. చేయగలడు, చేయబోయాడు, చేయదగిన, చేయబడింది, చెప్పజాలను: ఈ మాటల్లోని గ, బ, ద, జ లకు నేటి భాషలో ధ్వనిపరమైన కారణం ఏదీ లేదు. ‘చేయ’ అచ్చుతో ముగుస్తోంది, అంతే. అదే భాషలో ‘చేయకూడదు’ అనే మాట కకారంతోనే హాయిగా చెలామణి అవుతోంది. ఇక ద్వితీయా విభక్తి చూడండి. ‘వాడిని కొట్టాడు’ అంటాం. ‘వాడిని గొట్టాడు’ అని ఈనాడు మామూలు మాటల్లో ఎవరూ అనరు. పాత లెక్కన ‘వాడిని’ ద్రుతప్రకృతికమే, అయినా పరుషం చెక్కుచెదరలేదు. ఇక్కడ ద్రుతప్రకృతికం ఉన్నా మార్పు లేదు, అక్కడ మార్పు ఉన్నా నకారం లేదు. ఒక ధ్వనిసూత్రం ప్రాణం పోయిందనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు. ఇప్పుడు ‘గలడు’, ‘బోయాడు’, ‘బడింది’ అనేవి ‘చేయ’ లాంటి రూపం పక్కన వాడటానికి మనం గుర్తుపెట్టుకున్న ప్రత్యేక రూపాలు. 1990లో బ్రూస్ హేస్ అనే భాషావేత్త ఇలాంటి సందర్భాల కోసమే ఒక ప్రతిపాదన చేశారు. వాక్యంలో పక్కమాటను బట్టి మారినట్టు కనిపించే రూపాలు కొన్ని అప్పటికప్పుడు తయారయ్యేవి కావనీ, ఒకే మాటకు రెండు మూడు రూపాలు నిఘంటువులో ముందే సిద్ధంగా ఉంటే వాక్యం వాటిలో తగినదాన్ని ఎంచుకుంటుందనీ ఆయన వాదన. ‘పోయె, బోయె, వోయె’లకు అది చక్కగా అతుకుతుంది.

ఇక మొదట చెప్పిన జాతికి, అంటే నోటి పనికి, వస్తాను. ‘వాడు ఎక్కడ ఉన్నాడు’ అనేది మామూలు వేగంలో ‘వాడెక్కడున్నాడు’ అవుతుంది. ఇది ఇప్పటికీ ప్రాణంతో ఉన్న సంధి. అలా అనడానికి ఆధారం కొత్త మాటలు. బస్సెక్కాడు, ఫోనెత్తలేదు, కారాపు. ఈ మాటలు భాషలోకి వచ్చిన రోజునే ఉత్వలోపానికి లోబడ్డాయి, ఎవరూ నేర్పలేదు. అదే గసడదవాదేశాన్ని కొత్త ద్వంద్వం మీద ప్రయోగించి చూడండి. తల్లిదండ్రులు, కూరగాయలు అంటున్నాం కదా అని ‘పెన్నువేపర్లు’ అంటామా? పెన్నుపేపర్లనే అంటాం. బాలవ్యాకరణం తల్లిదండ్రుల పక్కనే చూపిన కాలుసేతులు, ఊరువల్లెలు కూడా వాడుకలో నిలవలేదు. మిగిలినవి మాటలుగా మిగిలాయి, సూత్రంగా కాదు.

నెమ్మదిగా పలికినా తేడా తెలుస్తుంది. తరగతిలో డిక్టేషన్ చెప్పేటప్పుడు ‘వాడెక్కడ’ అనేదాన్ని ముక్కలు చేయమంటే ఎవరైనా ‘వాడు... ఎక్కడ’ అంటారు. విరామం రాగానే ఉకారం తిరిగి వస్తుంది. ‘తల్లిదండ్రులు’ను ముక్కలు చేసి ఎంత నెమ్మదిగా చెప్పినా ‘తల్లి... దండ్రులు’ అనే అంటారు. దకారం తకారానికి తిరిగి వెళ్లదు. మొదటిది మాటలు కలిసినప్పుడు మాత్రమే జరిగే పని. రెండోది మాటతో పాటు పుట్టినది.

అచ్చు లోపించడం అన్నిటికంటే చివర, పదాలు పూర్తిగా తయారయ్యాక జరుగుతుందని చూపే సాక్ష్యం ఒకటుంది. దాన్ని మీ పుస్తకాల్లో చూడాలని నాకు చాలా కోరిక. తెలుగులో చకారం రెండు రకాలు. ఇ, ఎ ల ముందు తాలవ్యం, తెలుగు మాటల్లో అ, ఉ, ఒ ల ముందు సాధారణంగా దంత్యం. ‘మంచి’లో తాలవ్యం, ‘మంచం’లో దంత్యం. ఇప్పుడు ‘మంచి ఆయన’ను కలిపి ‘మంచాయన’ అనండి. చకారం తర్వాత ఇప్పుడున్నది ఆకారం. అయినా అది మంచంలోని దంత్యం కాలేదు, తాలవ్యంగానే ఉంది. ‘వచ్చి ఉంటాడు’ను ‘వచ్చుంటాడు’ అన్నప్పుడూ అంతే. ‘రావచ్చు’లో, ‘వచ్చుంటాడు’లో అక్షరం ఒకటే, ‘చ్చు’. పలికి చూస్తే మొదటిది దంత్యం, రెండోది తాలవ్యం. ఎందుకంటే ‘వచ్చి’ అనే మాటలో చకారం ఎలా పలకాలో ఇకారం ఉన్నప్పుడే తేలిపోయింది. ఆ తర్వాత ఇకారం లోపించింది. పోయిన అచ్చు తన గుర్తును వదిలి వెళ్లింది. పదం లోపలి ధ్వనిసూత్రాలు ముందు, మాటల సరిహద్దులోవి తర్వాత. పాల్ కిపార్‌స్కీ అనే భాషావేత్త 1980ల మొదట్లో తీర్చిదిద్దిన సిద్ధాంతం చెప్పే అంచెలు ఇవే. పదం తయారయ్యేటప్పటి సూత్రాలు ఒక అంచె, వాక్యంలో పదాలు చేరాక పనిచేసేవి మరో అంచె. రెండో అంచెలోని సూత్రాలకు పదాల లోపలి వ్యాకరణం సాధారణంగా కనిపించదు, ధ్వనులూ విరామాలే కనిపిస్తాయి.

ఇక్కడ మీలో కొందరు ఒక అభ్యంతరం చెబుతారని నాకు తెలుసు. అచ్చుల సంధికీ వ్యాకరణ షరతులు ఉన్నాయి కదా? ‘క్త్వార్థంబైన ఇత్తునకు సంధి లేదు’ అని సూరిగారే అన్నారు కదా? నిజమే, అది గట్టి అభ్యంతరం. సంస్కృతంలోనూ ఇలాంటిది ఉంది. హరీ ఏతౌ, విష్ణూ ఇమౌ, గంగే అమూ అన్నప్పుడు సంధి జరగదు, ఎందుకంటే ఆ ఈ, ఊ, ఏ లు ద్వివచనం చివరివి. పాణిని వాటిని ప్రగృహ్యాలు అన్నాడు. సరిగ్గా అవే ధ్వనులు ద్వివచనానివి కాకపోతే సంధి జరుగుతుంది.

నా సమాధానం ఏమిటంటే, మార్పును రాబట్టే షరతు వేరు, దాన్ని ఆపే షరతు వేరు. ప్రగృహ్యం విషయంలో సంధిని రాబట్టేది రెండు అచ్చుల కలయిక. ద్వివచనం దాన్ని ఆపుతుంది, అంతవరకే. ఆపే షరతు వ్యాకరణానిదైనంత మాత్రాన ప్రక్రియ స్వభావం మారదు. గసడదవాదేశంలో రాబట్టేదే ప్రథమావిభక్తి. ఆ షరతు తీసేస్తే ఇంక చెప్పడానికి ఏమీ మిగలదు. ఈ తేడా ఒక్కటి పట్టుకుంటే అభ్యంతరంలో సగం బలం పోతుంది.

మిగతా సగం నేటి వాడుకే తీసేసింది. క్త్వార్థంలో సంధి నిషేధం కావ్యభాషకు సరిపోతుంది. నేడు వచ్చుంటాడు, చేసుంటాడు, చూసుంటావు అని చదువుకున్నవాళ్లూ చదువుకోనివాళ్లూ అంటున్నారు. ఇక్కడ ఇంకో మెలిక ఉంది. ‘వాడు ఈపాటికి వచ్చి ఉంటాడు’ అంటే వచ్చే ఉండాలని మన ఊహ. ఇది సులువుగా ‘వచ్చుంటాడు’ అవుతుంది. ‘రేపు వచ్చి ఉంటాడు, ఎల్లుండి వెళ్తాడు’ అంటే వచ్చి ఇక్కడ బస చేస్తాడని. దీన్ని ‘రేపు వచ్చుంటాడు’ అంటే నా చెవికి అర్థమే మారిపోతుంది. ధ్వనులు ఒకటే, రూపాలు ఒకటే, రెండూ క్త్వార్థకాలే. మరి తేడా ఎక్కడిది? మొదటిదానిలో ‘ఉంటాడు’ సహాయక్రియ, ముందు మాటతో ఒకే ఊపిరిలో, ఒకే గుంపుగా పలుకుతాం. రెండోదానిలో అది స్వతంత్ర క్రియ, దాని ముందు సన్నని విరుపు ఉంటుంది. వాక్యనిర్మాణం నేరుగా అచ్చును తొలగించడం లేదు. అది పలుకులోని గుంపులను నిర్ణయిస్తోంది, గుంపు లోపల ధ్వనిసూత్రం కళ్లు మూసుకుని పనిచేస్తోంది. మరీనా నెస్పోర్, ఐరీన్ వోగెల్ అనే భాషావేత్తలు 1986లో బాహ్యసంధి సూత్రాలకు పరిధిగా చూపింది ఇలాంటి పలుకు గుంపులనే. సంస్కృత సంప్రదాయం ఇంకా ముందే ఈ సంగతి పట్టుకుంది. ఒకే పదంలో, ధాతూపసర్గల మధ్య, సమాసంలో సంహిత, అంటే కలిపి పలకడం, నిత్యమనీ, వాక్యంలో మాత్రం అది పలికేవారి ఉద్దేశాన్ని బట్టి ఉంటుందనీ ఒక పాత కారిక చెబుతుంది.

అచ్చుల్లో ఏది ముందు పోతుందన్న క్రమం కూడా ధ్వని వైపే మొగ్గుతోంది. ఉకారానికి సంధి నిత్యం, ఏమ్యాదుల ఇకారానికి వైకల్పికం, అకారానికి బహుళం అని సూత్రాలు. తెలుగులో మాట చివరి ఉకారం చాలాచోట్ల హల్లును మోయడానికి వచ్చినదే. బస్సు, కారు, ఫోను అని అరువు మాటలకు మనం చేర్చేది కూడా దాన్నే. బరువు లేనిది ముందు రాలుతుంది. దీర్ఘాచ్చు అసలు రాలదు. ‘మా ఊరు’ ఎంత వేగంగా పలికినా ‘మూరు’ కాదు. అయితే ‘బహుళం’ అనే మాట వెనుక సర్దిన అత్వసంధి ఉదాహరణల్లో కొన్ని నిజంగా పదాల చిట్టాయే అని ఒప్పుకుంటాను. ‘మేనత్త’ను ఎవరూ రెండు మాటలు చేసి పలకరు. అది ఒకే మాటగా స్థిరపడిపోయింది. ‘వచ్చినాయన’ను మాత్రం ‘వచ్చిన ఆయన’గా పలకవచ్చు. ఈ రెండింటినీ ఒకే సంధికి ఉదాహరణలుగా పక్కపక్కన పెట్టడం మానాలి.

మరో సంగతి మీ దృష్టికి తేవాలి. బాలవ్యాకరణంలో సంధికి ఇచ్చిన నిర్వచనం ‘పూర్వపరస్వరంబులకుం బరస్వరం బేకాదేశంబగుట సంధి యనంబడు’. ఇది అచ్చుల గురించి మాత్రమే. హల్లుల మార్పులను అదే పరిచ్ఛేదంలో చర్చించినా, వాటిని ఆదేశాలుగానే చెప్పారు. ‘సరళాదేశ సంధి’, ‘గసడదవాదేశ సంధి’ అని సంధి శబ్దాన్ని తగిలించి అన్నిటినీ సమానం చేసింది పాఠ్యపుస్తకాలే. కాబట్టి నేను అడిగే విభజన సంప్రదాయానికి ఎదురు నిలిచేది కాదు.

నా విన్నపం ఇది. రాబోయే కూర్పులో అచ్చుల సంధిని, యడాగమాన్ని ఒక అధ్యాయంగా పెట్టండి. అందులో ఉదాహరణలు నేటి పలుకు నుంచి తీసుకోండి, విరామంతోనూ విరామం లేకుండానూ పలికించండి, ‘మంచాయన’లోని చకారాన్ని పిల్లల చేతే గుర్తుపట్టించండి. ద్రుతాన్ని, సరళాదేశాన్ని, గసడదవాదేశాన్ని, పదాల తరగతులు చెప్పే అధ్యాయంలోకి మార్చండి. కళలు, ద్రుతప్రకృతికాలు, విభక్తులు, సమాసాలు చెప్పాకే అవి రావాలి, ఎందుకంటే అవి తెలియకుండా ఆ సూత్రాలు వర్తించవు. ‘చేయగలడు’ను విడదీయమని ఏడో తరగతి పిల్లవాణ్ణి అడిగి, వాడు ‘చేయ + గలడు’ అని రాస్తే తప్పు కొట్టకండి. వాడు తన భాషలో ఉన్నది రాశాడు. ‘చేయన్ + కలడు’ అనేది కావ్యభాష చరిత్ర. దాన్ని చరిత్రగా చెబితే వాడికి అర్థమవుతుంది.

ఈ మార్పు వల్ల ప్రశ్నపత్రాల్లో కొన్ని పాత ప్రశ్నలు పనికిరాకుండా పోతాయి. వాటి బదులు వాడదగ్గ అభ్యాసాలు నా దగ్గర సిద్ధంగా ఉన్నాయి. మీరు కోరితే మొత్తం పంపుతాను, తరగతిలో పరీక్షించి చూసుకోవచ్చు.

ఇట్లు,
తెలుగు వ్యాకరణం బోధించే ఒక ఉపాధ్యాయురాలు